ఏదో ఒకటే అని రాయని కాగితం

విజయవాడలో కుట్టు మిషన్లు అమ్మే షాపులో నేను నాలుగేళ్లు కౌంటర్లో కూర్చున్నాను. బిల్లులతో పాటు కస్టమర్లకిచ్చే కాగితాలన్నీ తెలుగులో నేనే రాసేదాన్ని. నా రాత చూసి ఓనరుగారు మురిసిపోయేవారు. నేనూ తక్కువ మురిసిపోలేదు లెండి.

ఓ వేసవిలో ఉయ్యూరు నుంచి ఒక టైలరమ్మ వచ్చింది. రెండు నెలల క్రితం మా దగ్గరే ఓవర్‌లాక్ మిషన్ కొంది. గుడ్డ అంచులు పీచు లేవకుండా కుట్టే మిషన్ అది. పది కుట్లు వేస్తే రెండు తప్పుతున్నాయి. మా మెకానిక్ రెండుసార్లు వెళ్లి చేతులెత్తేశాడు.

"బడులు తెరిచేలోగా నూటయాభై జతల యూనిఫారాలు ఇవ్వాలండీ. మొదటిసారి ఇంత పెద్ద ఆర్డరు వచ్చింది" అంది. ఆ మాటంటున్నప్పుడు ఆవిడ ముఖం చూడాలి, అంత సంబరం!

ఓనరుగారు నన్ను లోపలికి పిలిచి, కొత్త మిషనైనా ఇద్దాం, లేదంటే ఇదే ఉంచుకుంటే ఆరు వేలు వెనక్కిద్దాం అన్నారు. కొత్తది మూడు వారాలకు గానీ రాదు. "మరీ విడమరిచి రాయమాకమ్మా. కొత్తదే కావాలని కూర్చుంటే కంపెనీతో తలనొప్పి మనకే" అని కూడా అన్నారు.

నేను అలాగే రాశాను. మూడు వారాల్లో కొత్త మిషన్ ఇవ్వడానికి సిద్ధమని ఒక పేరా, ఆరు వేలు వాపసు ఇవ్వడానికి సిద్ధమని ఇంకో పేరా, కింద "పై షరతులకు సమ్మతమే" అని, సంతకానికి ఒక గీత. రెండిట్లో ఏదో ఒకటే అనిగానీ, డబ్బు తీసుకుంటే మిషన్ రాదనిగానీ ఎక్కడా రాయలేదు. చేతకాక కాదు, కావాలనే మానేశాను.

ఆవిడ సంతకం పెట్టి, డబ్బు లెక్క చూసుకుని, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది. "మిషన్ రాగానే ఒక్క ఫోన్ కొట్టండి మేడమ్. అందాకా ఈ డబ్బుతో బయట ఓవర్‌లాక్ చేయించుకుంటా."

రెండూ ఇస్తామనుకుంటోందని నాకు అర్థమైంది. అప్పుడే లేచి "కాదండీ, డబ్బు తీసుకున్నారుగా, ఇక మిషన్ రాదు" అనొచ్చు. పక్కనే ఓనరుగారున్నారు. "అలాగేనండీ" అన్నాను. ఛీ, ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో!

నెల తిరిగాక మళ్లీ వచ్చింది. ఫోన్ రాలేదని మూడు వారాలూ ఎదురుచూసిందట. జతకింత చొప్పున బయట చేయించేసరికి ఆరు వేలూ అయిపోయాయి, పనీ వెనకబడింది. సగం యూనిఫారాలు ఇచ్చేసరికి బడి తెరిచేశారు. మిగతా ఆర్డరు ఇంకో టైలర్‌కి ఇచ్చేశారట.

ఓనరుగారు ఫైల్లోంచి కాగితం తీసి ఆవిడ ముందు పెట్టారు. "డబ్బు తీసుకుని సంతకం పెట్టారు కదమ్మా, ఇంకా మిషనేంటి?"

ఆవిడ కాగితం చూసుకుని, నావైపు తిరిగి, "నాదే తప్పు మేడమ్. సరిగ్గా చదువుకోలేదు" అంది.

ఆ మాట నేను భరించలేకపోయాను. తిట్టినా బాగుండేది.

"చదివినా తెలిసేది కాదండీ. ఏదో ఒకటే అని నేను రాయలేదు" అన్నాను. ఓనరుగారి ముఖం ఎర్రబడింది. "ఆవిడ వినియోగదారుల కమిషన్‌కి వెళితే ఈ కాగితం మనకే ఎదురు తిరుగుతుందండీ" అని ఆయనకీ చెప్పాను.

చాలాసేపు గొణుక్కుని, "సరే, ఈసారి ఏ అనుమానం లేకుండా రాసి చావు" అన్నారాయన. ఈలోగా షాపుకి కొత్త మిషన్లు వచ్చి ఉన్నాయి. ఒక్కో మాటా ఆయనే చెప్పారు, నేను రాశాను. పాత మిషన్ తెచ్చి అప్పగిస్తే అదే రోజు కొత్తది ఇస్తాం. ఇచ్చిన ఆరు వేలు తిరిగి అడగం. ఏడు రోజుల్లోగా సంతకం చేసి ఇస్తేనే ఇది చెల్లుతుంది. కొత్త మిషన్ తీసుకున్నాక, పాతదాని లోపం వల్ల గానీ ఆలస్యం వల్ల గానీ కలిగిన ఏ నష్టానికీ ఇంకేమీ అడగకూడదు.

ఆ చివరి వాక్యం రాసేటప్పుడు నా చెయ్యి ఆగింది. ఆయన నావైపే చూస్తున్నారు. రాసేశాను.

కాగితం మొత్తం ఆవిడకు పైకి చదివి వినిపించాను. ఈసారి ఆవిడ తొందరపడలేదు. తీసుకుని, ఒక్కో వాక్యం కింద వేలు పెట్టి చదువుకుంది. చివరి దగ్గర వేలు ఆగింది.

"అంటే, పోయిన యూనిఫారాల ఆర్డరు గురించి ఇంకెప్పుడూ, ఎక్కడా అడగకూడదు. అంతేగా మేడమ్?"

"అంతేనండీ" అన్నాను.

ఆవిడ పెన్ను అడిగింది. నా చేతిలోదే ఇచ్చాను.