అన్నీ పెద్దబాపు పేరు మీదే

నస్పూర్‌లో పెద్దబాపు చీరల దుకాణం, వెనక గది. ఉన్నవాళ్లు: పెద్దబాపు (మా నాన్నకు అన్న), పెద్దమ్మ, చీరల వీడియోలు తీసే శ్రీరాంపూర్ అమ్మాయి, నేను. ఫోన్ స్పీకర్‌లో కరీంనగర్ ప్రకటనల ఏజెన్సీ మేనేజరు. వస్తువులు: ల్యాప్‌టాప్, గోడకు క్యాలెండర్, దాని మీద స్కెచ్ పెన్నుతో రాసిన దుకాణం ఖాతా పాస్‌వర్డ్.

దుకాణం ఆన్‌లైన్ ప్రకటనలో పెద్దబాపు ఫోన్ నంబరు పోయి మంచిర్యాలలోని ఇంకో బట్టల దుకాణం నంబరు వచ్చింది. పెళ్లిళ్ల సీజన్లో మా చీరలు చూసినవాళ్లు వాళ్లకు ఫోన్ చేశారు. ఆ దుకాణం ప్రకటనలు చూసేది కూడా ఈ ఏజెన్సీయే.

"గా పిల్లనే అడుగుండ్రి సార్," అన్నాడు మేనేజరు. "మా ఆఫీసుల ఐదుగురు గదే లాగిన్ వాడ్తరు. ఎవరు మార్చిన్రో నాకెట్ల తెలుస్తది?"

తన ఐదుగురి సంగతి తనకే తెలియదు, ఆరో మనిషి మీద మాత్రం అనుమానం. నాకు ఒళ్లు మండింది.

ఖాతాలో మార్పుల చరిత్ర తెరిచాను. తేదీ, సమయం, మార్చింది ఏమిటి, మార్చింది ఎవరు. ప్రతి వరుసలో పెద్దబాపు పేరే. అందరూ ఆయన పాస్‌వర్డ్‌తోనే లోపలికి వెళ్లారు.

"నా పేరు లేదు గద కాకా," అంది అమ్మాయి.

"నీ పేరెందుకుంటది? నా పేరే ఉంది. అయితే నేనే మార్చుకున్ననా?"

"నేను వీడియోలు పెట్టుడే. ప్రకటనలు తెరవనే లే."

"పాస్‌వర్డ్ నీ దగ్గర ఉండె గద బిడ్డా."

"మీరే ఇచ్చిన్రు. నేను అడగలే."

ఆమె కెమెరా స్టాండు మడిచి వెళ్లిపోయింది. ఆమె మార్చలేదని చూపడానికి నా దగ్గర ఏమీ లేదు. మార్చిందని చూపడానికి పెద్దబాపు దగ్గరా లేదు. అయినా పోయింది ఆమె పనే.

"ఇంజినీరింగ్ చదివినవ్, గిది పట్టుకోలేవా?"

"పట్టుకునే వీలు నువ్వే లేకుండ చేసినవ్ పెద్దబాపు."

అప్పుడే కూర్చుని పాస్‌వర్డ్ మార్చాను. మిగతా పరికరాలన్నింటిలో లాగౌట్ చేయించి, లాగిన్ కోడ్ ఆయన ఫోన్‌కే వచ్చేలా పెట్టాను. ఏజెన్సీని దాని సొంత వ్యాపార ఖాతా ద్వారా భాగస్వామిగా చేర్చి, ప్రకటనలు నడిపే అనుమతి మాత్రమే ఇచ్చాను. ఇకపై వాళ్లలో ఎవరు ఏది మార్చినా ఆ మనిషి పేరే పడుతుంది. పెద్దబాపు ఫోన్ పోయినా ఖాతా చేజారకుండా, పూర్తి అధికారంతో పెద్దమ్మ ఈమెయిల్‌కు ఒక ఆహ్వానం పంపాను. పోస్టులు, వీడియోలు పెట్టే అధికారంతో అమ్మాయి ఈమెయిల్‌కు ఇంకొకటి. ప్రకటనలు ఆమెకు తెరుచుకోవు. క్యాలెండర్ చింపేశాను.

"గింత అల్కగ అయ్యే పనా?" అన్నాడు పెద్దబాపు.

అంత సులువుగా అయ్యే పనే కాబట్టి నాకు ఇంకా కోపం వచ్చింది.

"ఆమెకు ఫోన్ చేసి తప్పయిందని చెప్పు."

"మెయిల్ పోయింది గద. వస్తె వస్తది."

పెద్దమ్మ తన ఫోన్ తీసి నాకిచ్చి, ఆహ్వానం ఒప్పుకోవడానికి ఎక్కడ నొక్కాలో చూపించమంది.

పంపిన ఆహ్వానాలు రెండు. అంగీకరించినవి ఒకటి.