ఆగిన యంత్రం, ఆగని అద్దె

ఎనభైల నడుమ అమలాపురం కోర్టు దగ్గర మా వారూ నేనూ టైపు ఇన్‌స్టిట్యూటు నడిపేవాళ్లం. పొద్దున్నా సాయంత్రం పిల్లలకి టైపు నేర్పడం, మధ్యాహ్నం ప్లీడర్ల కాగితాలు కొట్టడం. దస్తావేజుకి నకలు కావాలంటే అక్షరం అక్షరం మళ్లీ కొట్టాల్సిందే. తొందరున్నవాళ్లు గోదావరి దాటి రాజమండ్రి వెళ్లి జిరాక్సు తీయించుకునేవారు.

అలా రాజమండ్రి వెళ్లే జనాన్ని చూసి మా వారికి ఆశ పుట్టింది. అక్కడ జిరాక్సు మిషన్లు అమ్మే షాపులో ఒకటి చూసొచ్చేరు. అంత సొమ్ము మా దగ్గర లేదు. షాపాయన దారి చెప్పేడు: మద్రాసులో లీజు కంపెనీ ఒకటి ఆ మిషను కొని మాకు అద్దెకిస్తుంది, నెలనెలా బ్యాంకు డ్రాఫ్టు పంపితే చాలు. రాజోలు హైస్కూల్లో మేష్టరైన మా అన్నయ్య జామీను సంతకం పెట్టేడు. కాగితాలన్నీ ఇంగ్లీషులో, సన్నక్షరాల్లో ఉన్నాయి. అద్దె అన్న మాట ఒక్కటే మాకు అర్థమయింది. అద్దెకున్న ఇల్లు కురిస్తే ఇంటాయనే కదా నేయించాలి అనుకున్నాం.

మొదటి ఏడాది మిషను బాగా ఆడింది. రెండో వానాకాలం కాపీలు నల్లగా రావడం మొదలై, చివరికి మిషను కదలడం మానేసింది. షాపు మెకానిక్కు వచ్చి, లోపలి డ్రమ్ము పాడైందని చెప్పి వెళ్లేడు. మళ్లీ రాలేదు. మా వారు రాజమండ్రి వెళ్తే షాపుకి తాళం ఉంది.

"మిషను ఆడితేనే అద్దె," అని మా వారు డ్రాఫ్టు పంపడం ఆపేసేరు.

తరవాత ఒక ఆదివారం అన్నయ్య బస్సు దిగి వచ్చేడు. కాఫీ తాగేడు, పిల్లల్ని పలకరించేడు. వాళ్లు బయటికి వెళ్లేక జేబులోంచి కవరు తీసేడు. కంపెనీ లాయరు నోటీసు, అన్నయ్య పేరు మీద. బాకీ వాయిదాలు వడ్డీతో కట్టకపోతే అతని మీదా దావా వేస్తారట.

"స్కూలు అడ్రసుకి వచ్చిందమ్మా. హెడ్మాస్టరుగారే ఇచ్చేరు," అన్నాడు, తల ఎత్తకుండా.

మర్నాడు మా దగ్గర కాగితాలు కొట్టించుకునే ప్లీడరుగారి దగ్గరికి వెళ్లాం. ఆయన ఒప్పందం మొత్తం చదివి కళ్లజోడు తీసేరు.

"మిషను పాడైనా, కాలిపోయినా, గోదావరి వచ్చి మీ షాపులో నిలబడినా, వాయిదా ఆపడానికి వీల్లేదని రాసుందండి. కింద మీ సంతకం."

"మిషను వాళ్లది కదండీ?" అన్నాను నేను.

"ఆయ్, వాళ్లదేనమ్మా. కానీ ఎంచుకున్నది మీరు. వాళ్లు మిషన్లు చేసేవాళ్లూ కాదు, బాగుచేసేవాళ్లూ కాదు. మీరు చూపించిన దానికి సొమ్ము కట్టేరు. మీ వాయిదాలు చూపించి వాళ్లు బ్యాంకులో అప్పు తెస్తారు. ఇక్కడ మిషను ఆగిందని అక్కడ బ్యాంకు ఊరుకోదు కదా. అందుకే ఇలా రాయించుకుంటారు."

"మిషను పట్టుకుపొమ్మంటేనండీ?" అడిగేరు మా వారు.

"మిగతా వాయిదాలన్నీ ఒక్కసారే అడుగుతారు. షాపాయన మీద మీరు కేసు వేసుకోవచ్చు, ఆ హక్కు మీకిచ్చేరు. అయితే అది నడిచినన్నాళ్లూ ఇటు కట్టాల్సిందే. రిపేరూ మీదే, ఇన్సూరెన్సూ మీదే."

షాపాయన ఎక్కడున్నాడో తెలిస్తే కదా కేసు వేయడానికి.

మళ్లీ కట్టడం మొదలుపెట్టాం. తెల్లారగట్ల ఇంకో బ్యాచి పెట్టేను. టైపు మీద వచ్చిందంతా కదలని ఆ మిషనుకే పోయేది. అమ్మడానికి అది మాది కాదు, వదిలేయడానికి వాళ్లు ఒప్పుకోరు. ఎదురు వరసలో ఇంకొకాయన మిషను పెట్టేడు. కాపీ కోసం మా మెట్లెక్కినవాళ్లని మా వారే అటు చూపించి పంపేవారు. పంపి, లోపలికొచ్చి, దుప్పటి కప్పిన మిషనుకి వీపు తిప్పి కూర్చునేవారు. ఒకసారి అన్నయ్య సగం తాను కడతానన్నాడు.

"సంతకం పెట్టించినందుకే మీ మొహం చూడలేకపోతున్నాను బావగారూ," అన్నారు మా వారు. ఆ తరవాత అన్నయ్య వస్తే ఆయన ఏదో పనుందని బయటికి వెళ్లిపోయేవారు.

అది నాకు అన్నిటికంటే కష్టమనిపించింది. ఒకరోజు ఉండబట్టలేక అన్నాను: "ఎలాగూ కడుతున్నాం కదండీ. ఆడించుకుంటూ కడదాం. రెండు టైపు మిషన్లు అమ్మేద్దాం."

ఆ టైపు మిషన్లు మా పెళ్లికి ముందు మా వారు కొనుక్కున్నవి. చివరికి ఆయనే బేరం పెట్టేరు. ఆ సొమ్ముతో మద్రాసునుంచి డ్రమ్ము తెప్పించి కాకినాడ మెకానిక్కు చేత వేయించాం. కాపీ ఒక అంచున మసగ్గా వచ్చేది, అయినా జనం తీసుకునేవారు. గడువు తీరేదాకా అది తన అద్దెలో కొంత తనే సంపాదించింది, మిగతాది మేం వేసుకున్నాం.

ఆఖరి డ్రాఫ్టు వెళ్లేక కంపెనీ ఉత్తరం రాసింది: కొద్దిపాటి అద్దెకి మిషను ఉంచుకోవచ్చు, లేదా తిరిగివ్వొచ్చు. ఈసారి మా వారు ప్రతి ముక్కా ప్లీడరుగారిని అడిగి తెలుసుకుని, తెలుగులో చెప్పి నన్నడిగేరు. "ఇచ్చేద్దామండి," అన్నాను.

మిషను ఎక్కించుకుని వ్యాను వెళ్లిపోయిన మర్నాడు, ఇక బాకీ లేదని కంపెనీ ఇచ్చిన కాగితం పట్టుకుని ఇద్దరం రాజోలు బస్సెక్కేం. అన్నయ్య అది చదివి వదిన చేతికిచ్చేడు. "బావగారూ, కాళ్లు కడుక్కోండి," అన్నాడు. ఆ పూట వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుని భోంచేసేరు. మా వారు మారు అన్నం అడిగి వేయించుకున్నారు.