లేని కావలివాడి జీతం

పోయింది ముప్పై ఆరు రూపాయలు: నెలకు పన్నెండు చొప్పున మూడు నెలలు. ప్రొద్దుటూరులో నా పత్తి బేళ్లు బ్యాంకు తాళం కింద కుదువ ఉండేవి. కావలివాడే లేని ఆ గోడౌనుకు కావలి ఖర్చు నా ఖాతాలో రాశారు. తిరిగి జమ చేసి, కారణం రాసివ్వమని బ్యాంకు నడిపే ఏజెంటుకు ఉత్తరం ఇచ్చాను.

"ఏజెంటుకు కోపమొస్తే అప్పంతా ఒకేసారి కట్టమంటాడప్పా! బేళ్లు వేలానికి పోతాయి," అన్నాడు భాగస్తుడు.

వారానికి బ్యాంకు జవాను వచ్చాడు. వేలం నోటీసేమోనని అతని చేతిలోని కవరు వైపే చూశాను.

"ఏంది మామా, అట్ల చూస్తాండావు? జవాబు తెచ్చినా, సంతకం పెట్టు."

రెండు నెలలది జమ చేశారట. మొదటి నెల కావలివాడు ఉన్నాడట. బేళ్లు ఇంకా వాళ్ల తాళం కిందే ఉన్నాయి కాబట్టి, ఆ నెలా లేడని మళ్లీ రాయడానికి భయపడ్డాను. ఇప్పటికీ నాకు రావలసింది పన్నెండు రూపాయలు.