అక్క అందుకోవలసిన చరణం

మొన్న పాడేరు వెళ్లే జీపులో డ్రైవరు ఒక పాత సినిమా పాట పెడితే, పక్కన కూర్చున్నావిడ ఈ ఇద్దరు ఆడవాళ్లెవరో గాని భలే పాడారు అంది. ఆ ఇద్దరూ నేనే. కాఫీ తోటలు చూస్తూ కూర్చున్నాను. సంతోషమూ బాధా ఏదీ రాలేదు, జీపు కుదుపులు మాత్రం తెలిశాయి.

మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అరకు వచ్చే టూరిస్టుల కోసం సాయంత్రాలు మాచేత థింసా నాట్యం ఆడించేవారు. వరసగా చేతులు కలుపుకొని అడుగులేస్తూ నేనొక చరణం పాడితే, నేను ఊపిరి తీసుకునే జాగాలో మా అక్క రెండోది అందుకునేది. ఉన్న ఒక్క మైకూ గాలికి గుయ్యిమనేది కాబట్టి చివర నిలబడ్డవాళ్లకు అందేలా గొంతు విసరాలి. మాట జారితే ఎవరూ పట్టించుకోరు, అడుగు తప్పితే వరసంతా తూలుతుంది. పాడిందే మళ్లీ పాడటం మాకు నామోషీ. ఎదుట ఎవరుంటే వాళ్ల మీద అక్క అప్పటికప్పుడు చరణం కట్టేది, బట్టతల పెద్దమనుషుల్ని కూడా వదిలేది కాదు.

అలా విన్న ఒక సంగీత దర్శకుడు మా ఇద్దరినీ సినిమాకు పాడమని విశాఖపట్నం పిలిపించాడు. పిల్లల్లేని అక్కకు ఒకటే ఆశ. నేను పోయినా నా గొంతు ఉండిపోద్దే అని రైలు సొరంగాల్లోంచి వెళుతున్నంతసేపూ అంటూనే ఉంది.

స్టూడియోలో మా ఎదుట మనుషులే లేరు, అద్దం ఒకటి ఉంది. ముందే వాయించి ఉంచిన సంగీతం చెవులకు పెట్టిన హెడ్‌ఫోన్లలో వస్తుంది, దానితోపాటు టక్కుటక్కుమనే తాళం. దానికి వెనకా ముందూ కావడానికి లేదు. అడుగు వేసినా, గాజులు కదిలినా ఆ మైకు పట్టేస్తుంది. అక్కడ గొంతు విసరకూడదు, పక్కవాళ్ల చెవిలో రహస్యం చెప్పినట్టు పాడాలి. పాటంతా ఒక్క ఊపున పాడించరు. నచ్చని పంక్తిని మాత్రం మళ్లీ పాడించి అక్కడ అతుకుతారు కాబట్టి ప్రతిసారీ అదే మాట, అదే బరువు, మైకుకు అంతే దూరం. మేము చూడని హీరోయిన్ తర్వాత ఆ మాటలకే పెదవులు కదపాలి.

నాకు మెల్లగా పట్టుబడింది. అక్క మాత్రం మళ్లీ పాడమన్న ప్రతిసారీ కొత్త చరణం కట్టింది. సౌండ్ ఇంజనీరు అదే పాడండమ్మా అంటే, "ఇందాక పాడీసినాను గదా బాబూ, మళ్లీ అదే ఏటి?" అంది. గాజులు తీయించి కదలకుండా నిలబెడితే గొంతే పెగల్లేదు. చివరికి ఆమె భాగం కూడా నాచేత విడిగా పాడించి రెండూ కలిపేశారు. అక్క అద్దం అవతల గాజులు ఒళ్లో పెట్టుకుని విన్నది. తిరుగు రైల్లో "బాగుంది గుంటా" అంది.

అక్క పోయి చాలా కాలమైంది. ఇప్పుడు మా పిల్లలు స్పీకరులో ఆ పాటే పెట్టుకుని థింసా ఆడుతున్నారు. అది ఎప్పుడూ తప్పదు, ఎదుటివాళ్లను ఆటపట్టించదు, నేను ఊపిరి తీసుకున్న చప్పుళ్లు కూడా అందులోంచి ఏరిపారేశారు. ఇంట్లో రాగులు చెరుగుతూ ఒక్కోసారి మొదటి చరణం అంటాను. ఊపిరికి ఆగుతాను. రెండోది నాకూ వచ్చు, అయినా పాడను.