లాన్ లేని ప్లేటు

మా ల్యాబ్‌లో పెంచే బాక్టీరియా ఒక విధంగా నాలాంటిదే. బతకడానికి కావలసిన హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని తనంతట తాను తయారుచేసుకోలేదు. ఎవరైనా పెడితేనే పెరుగుతుంది. నేనూ అంతే, మా గైడ్ మేడం ఒక మాట అంటే తప్ప కదలను. పీహెచ్‌డీలో ఆరో ఏడు. హిస్టిడిన్ దాదాపు లేని ప్లేటు మీద కోట్లకొద్దీ ఆ బాక్టీరియాను పరిస్తే, జన్యువులో మార్పు వచ్చి పోయిన శక్తిని తిరిగి పొందినవే రెండు రోజుల్లో చుక్కల్లా కాలనీలు కడతాయి. వాటిని రివర్టెంట్లు, అంటే వెనక్కి తిరిగినవి, అంటారు. నేను తిరుగుబోతులు అనేవాణ్ణి. మేడం ఒక్కసారీ నవ్వలేదు. మేం వాడే రకంలో ఏమీ కలపకపోయినా ప్లేటుకు వందకు పైగా వాటంతట అవే వస్తాయి. కలిపినదాని మోతాదుతో పాటు ఆ సంఖ్య పెరుగుతూ రెట్టింపు దాటిందంటే, అందులో జన్యువుల్ని మార్చేదేదో ఉన్నట్టు.

ఆ ఏడు నర్సంపేట వైపు పత్తి చేల మధ్య బావుల నీళ్లు తెచ్చి, వాటిలోని రసాయనాలను చిక్కబరచి పరీక్షిస్తున్నాం. ఒక బావి దగ్గర సీసాలు నింపుతుంటే ఆ ఇంటి పెద్దమ్మ తాడు పట్టుకుంది. ఆ గట్టు మీదే పురుగుమందు కలిపేవారట. కోడలికి ఆరో నెల. నల్లా దూరం, బిందె మోయాలి. బావి వాకిట్లోనే ఉంది. నేను ఫోను చేసేదాకా ఆ నీళ్లు ముట్టమని, తానే నల్లా నుంచి మోసుకొస్తానని చెప్పింది. నా ఫలితం కోసం ఒక మనిషి ఎదురుచూడటం నాకదే మొదటిసారి.

ప్లేట్లు బయటికి తీసిన ఉదయం, వెనక పెన్నుతో చుక్కలు పెట్టుకుంటూ లెక్కపెట్టాను. ఏమీ కలపనిదాంట్లో నూట పద్దెనిమిది. బావి నీళ్లు మోతాదు పెంచుతూ కలిపినవాటిలో డెబ్బై, నలభై, చివరిదాంట్లో పదకొండు. పెరగాల్సింది తగ్గింది కదా అని సంబరపడి, సెలవులో ఉన్న మేడం వచ్చేదాకా ఆగకుండా పెద్దమ్మకు ఫోను చేశాను.

"ఏం లేదు పెద్దమ్మా, ఫికర్ చెయ్యకు. తాగుర్రి."

మేడం సెలవు నుంచి వచ్చేసరికి తొమ్మిది రోజులు. ఫ్రిజ్‌లోంచి చివరి ప్లేటు తీసి, నా లెక్క వైపు చూడకుండా, దాన్ని ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టుకున్నారు.

"లాన్ ఏదయ్యా?"

కణాలు మొదట కొన్నిసార్లు విభజన చెందాలని చిటికెడు హిస్టిడిన్ మేమే వేస్తాం. దాంతో ప్లేటంతా పల్చటి మసక పొర పరుచుకుంటుంది. అదే లాన్, గడ్డి ఉండదు, కత్తిరించే పని లేదు, అందుకే దాని ఊసు నాకు పట్టలేదు. ఆ ప్లేటు అద్దంలా ఉంది. చుక్కలు తగ్గింది నీళ్లు మంచివై కాదు, బాక్టీరియా చచ్చిపోయి. నేను లెక్కపెట్టిన ఆ పదకొండు సూదిమొన చుక్కలూ రివర్టెంట్లు కావు. చచ్చినవాటి వాటా హిస్టిడిన్ తిని కాసేపు పెరిగిన మిగులు కణాలు.

"ముందు లాన్ చూడు, తర్వాత లెక్కపెట్టు అని ఎన్నిసార్లు చెప్పిన?" అన్నారు మేడం. నాకు బాగా గుర్తు. చాలాసార్లు.

వెంటనే ఫోను చేశాను. కారణం చెప్పే ధైర్యం లేక, పరీక్ష మళ్లీ చేస్తున్నాం, అందాకా ఆ నీళ్లు ఆపమన్నాను. సరే బిడ్డా అంది. చిక్కబరచిన నీళ్లను పల్చన చేసి పరీక్ష మళ్లీ పెట్టాం. ఈసారి లాన్ నిండుగా ఉంది. ఏమీ కలపనిదాంట్లో నూట పన్నెండు, మిగతావాటిలో వరసగా నూట అరవై, రెండు వందల నలభై, మూడు వందల తొంభై. రెట్టింపు దాటింది.

ఈ మాట ఫోనులో చెప్పబుద్ధి కాలేదు. బస్సెక్కి వెళ్లాను. వాకిట్లో కూర్చోగానే కోడలు లోపలినుంచి గ్లాసు తెచ్చి చేతికిచ్చింది.

"నల్లా నీళ్లే అన్నా. బాయివి నువ్వు ఆపమన్నవని ఆపినం," అంది.

తాగలేకపోయాను. అలవాటుగా గ్లాసు వెలుతురుకు ఎత్తి చూశాను. అందులో ఏమీ లేదు. ప్లేటులోనూ ఏమీ లేదనే అనుకున్నాను. తప్పు నాదేనని, బావి నీళ్లు ఇక ముట్టవద్దని చెప్పాను.

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మరి గా తొమ్మిది దినాలు తాగింది గద బిడ్డా. దానికేం గాదా?"

మేం చిక్కబరచిన నీళ్లతో బాక్టీరియా మీద చేశామని, మనుషుల సంగతి ఈ పరీక్ష చెప్పదని, దవాఖానలో డాక్టరమ్మకు చెప్పి చూపించుకోమని అన్నాను. అన్నీ నిజాలే. ఏ ఒక్కటీ ఆమె అడిగినదానికి జవాబు కాదు. కోడలు ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, ఇంకో చేత్తో నా చేతిలోని నిండు గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది.

ఇప్పుడు ఏ ప్లేటు తీసినా ముందు వెలుతురుకు పట్టుకుంటాను. మసకగా కనిపిస్తే ఊపిరి వదులుతాను. ఆ పెద్దమ్మ నంబరు ఫోనులోనే ఉంది. కాన్పు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. అడగడానికి వేలు ఆ నంబరు దాకా వెళ్తుంది, నొక్కబుద్ధి కాదు.