పత్రికలు ఎన్ని?

బెంగళూరులో యాడ్ కంపెనీ ఉద్యోగం వదిలి మదనపల్లెకు వచ్చేటప్పుడు, నాకన్నా తెలివైన మనిషి ఈ చుట్టుపక్కల లేదని గట్టి నమ్మకం ఉండేది. టీ కొట్టుకీ, చీరల షాపుకీ సోషల్ మీడియా పోస్టులు చేసిపెట్టి బతికేద్దామనుకున్నాను. ఆరు నెలలు తిరిగేసరికి నెలనెలా జీతంలా డబ్బిచ్చేది ఒక్కరే మిగిలారు. పుంగనూరులో ఉండే ఒక అక్క. బ్యాంకు ఉద్యోగం మానేసి, కొత్తగా జీతాలు అందుకుంటున్న ఇళ్లవాళ్లకు డబ్బు ఎలా సర్దుకోవాలో క్లాసులు చెబుతారామె. ఆమె పేజీ నడిపే పని నాది.

ఆ పనిని నేనే పాడు చేసుకున్నాను. అంతకుముందు నెల బడ్జెట్ చిట్కాలతో ఒక క్యారసెల్ పెట్టాను. అంటే పక్కకు జరుపుతూ చదివే పది స్లైడ్ల పోస్టు. మొదటి స్లైడ్ చూసి వేలు ఆగాలి, లేకపోతే వెనకున్న తొమ్మిదీ వృథా. అందుకని 'ఐదేళ్లలో లక్షాధికారి' అని ఎర్రక్షరాల్లో రాసిపారేశాను. జనం ఆగారు. రెండో స్లైడ్‌లో కరెంటు బిల్లు పొదుపు కనబడగానే తిట్టి వెళ్లారు. కింద కామెంట్లు చదివి ఆ అక్క సిగ్గుతో చచ్చిపోయినంత పని చేశారు.

"అమ్మా, లోపల లేనిది బయట రాయబాక. ఇంకొకటి చేసి సూపించు. ఇదీ ఇట్నే అయితే నేను పేజీ మూసేస్తా" అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదనిపించింది.

పేజీ మూస్తే నేను బెంగళూరుకు తిరిగి వెళ్లాలి. పాత కంపెనీ రమ్మంటూనే ఉంది, శుక్రవారంలోగా జవాబు చెప్పమంది. అక్కడ ఆ గదిలో, ఆ ట్రాఫిక్‌లో మళ్లీ బతకడం నాకు ఇష్టం లేదు.

మంగళవారం, లోపలి చిట్కాలు అవే ఉంచి, మొదటి స్లైడ్‌కు మాత్రం మూడు నమూనాలు చేసుకుని బస్సెక్కాను. ఒకటి 'మీ జీతం ఎక్కడికి పోతోంది?', చిల్లు పడ్డ పర్సు బొమ్మతో. రెండోది '50-30-20 సూత్రం తెలుసా?', అంటే జీతంలో సగం అవసరాలకు, ముప్పై శాతం సరదాలకు, ఇరవై శాతం పొదుపుకు. మూడోది 'ధనవంతులు చెప్పని ఐదు రహస్యాలు'. పుంగనూరులో దిగి అక్కకు చూపించాను. మూడోదాన్ని చూడగానే కొట్టేశారు. మిగతా రెండూ చూసి, "నాకు బాగనే ఉండాయి. నా లెక్క యాల? నెలాఖరుకు సేతిలో రూపాయి లేనోళ్లకు సూపించు" అన్నారు.

అలాంటివాళ్లు నాకు ఎరికే. కుప్పంలో మా వదిన ఉంది. వాళ్లమ్మా నాన్నా గుడుపల్లె వైపు కూలి పనులు చేసినవాళ్లు. వదిన ఒక కంపెనీలో ప్యాకింగు పనికి వెళుతుంది, వాళ్లింట్లో నెలజీతం ఎరిగిన మొదటి మనిషి ఆమే. అదే రోజు మధ్యాహ్నానికి కుప్పం చేరాను.

మా పాత కంపెనీలో నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. 'ఇది బాగుందా' అని అడిగితే ఎవరూ నిజం చెప్పరు. అందుకని చీరల ఆఫర్లు, వంటలు, బంగారం ధరల స్క్రీన్‌షాట్ల మధ్యలో మన స్లైడ్లను కలిపేసి, ఫోన్ చేతికిచ్చి ఊరకే చూడమనాలి. వేలు ఎక్కడ ఆగిందో అది చూసుకోవాలి. వదినకు అలాగే ఇచ్చాను. చిల్లు పర్సు వచ్చింది, వేలు ఆగలేదు. 50-30-20 వచ్చింది, అదీ సర్రున పోయింది. బంగారం ధర దగ్గర మాత్రం నిట్టూర్చింది. నా మీద నాకే ఒళ్లు మండింది.

అంతలో వదిన వేలు ఠక్కున ఆగింది. రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసింది.

"ఇవన్నీ మీ ఇంటికొచ్చినవేనా?"

అది నా స్లైడ్ కాదు. పొద్దున ఇంట్లో టీవీ పక్కన పేర్చి ఉన్న పెళ్లిపత్రికలను, తేదీలు గుర్తుండడానికి ఫోటో తీసుకున్నాను. పొరపాటున అదీ ఆ వరుసలో పడిపోయింది.

"నాలుగు... ఐదు. మాకు ఆరు వచ్చుండాయి పాపా. ఎట్ల సదివించేదో తెలీకుండా ఉండాది" అంది వదిన.

"సరే వదినా, ఆ పర్సు బొమ్మ దగ్గర యాల ఆగలే?"

"దాంట్లో ఏముండాది? జీతం యాడికి పోతాండాదని అడిగినావు. యాడికి పోతాండాదో నాకు తెలీదా? పత్రికలిచ్చినోళ్లకు పోతాండాది. మన గృహప్రవేశానికి వాళ్లు సదివించినారు, మనం సదివించకపోతే మొగం ఎట్ల సూపించేది?"

లోపలికి వెళ్లి చదివింపుల పుస్తకం తెచ్చింది. గృహప్రవేశం నాడు ఎవరెంత ఇచ్చారో మా అన్న చేతిరాతలో వరుసగా ఉంది. మా ఇంట్లోనూ అలాంటి పుస్తకం ఉంది, బీరువాలో పట్టుచీరల కింద. అంత చదువుకుని, ఇంగ్లీషు చిట్కాలను తెలుగులోకి దించి, ఆ పుస్తకం ఊసే లేకుండా మా ఊళ్లవాళ్లకు బడ్జెట్ చెప్పబోయాను. బుద్ధుందా నాకు అనుకున్నాను.

అక్కడి నుంచే పుంగనూరు అక్కకు ఫోన్ చేశాను. ఎన్ని పత్రికలొచ్చాయన్న ప్రశ్ననే మొదటి స్లైడ్ చేద్దామన్నాను. ఆమె, "దానికి లోపల జవాబు ఉండాల. కరెంటు బిల్లు వెనక్కి జరుపు. రెండో స్లైడ్‌లో సదివింపులే రాయి. పోయినేడు మొత్తం ఎంత సదివించినారో రాసుకోమను. పన్నెండుతో బాగించి, జీతం పడిన రోజే అంత పక్కన పెట్టమను. పత్రిక వచ్చినాక ఎతుక్కునేది కాదు" అన్నారు.

రెండో స్లైడ్ మాట ఆమె చెప్పడం మంచిదయింది. మొదటిది దాటేసిన మనిషికి, ఫోన్‌లో వరుసగా పోస్టులు వచ్చే ఫీడ్ కొన్నిసార్లు అదే పోస్టును రెండో స్లైడ్ నుంచి మళ్లీ చూపిస్తుంది. కాబట్టి అది కూడా తనంతట తాను నిలబడాలి.

నా ఫోటోలో పేర్లు కనబడుతున్నాయి, అది పెట్టకూడదు. వదిన తన ఆరు పత్రికలనూ కవర్లలోనే ఉంచి, పసుపు పూసిన మూలలు కనబడేలా చాప మీద పరిచింది. పేరొక్కటీ లేదు, అయినా అవేమిటో మావాళ్లెవరికీ చెప్పనక్కర్లేదు. పైన పెద్దక్షరాల్లో 'ఈ నెల మీ ఇంట్లో ఎన్ని పత్రికలు?' అని రాశాను. దాని కింద చిన్నగా 'జీతం చాలని ఇంటికి ఐదు బడ్జెట్ చిట్కాలు'. ఇంకేమీ రాయలేదు. రాయాలని చేయి లాగింది, ఆపుకున్నాను.

బుధవారం సాయంత్రం, కంపెనీ బస్సుల్లో జనం ఇళ్లకు వెళ్లే వేళకు పోస్టు పెట్టాము. గంటసేపు ఏమీ లేదు. మదనపల్లెలో మా మేడ మీద నిలబడి ఫోన్‌ను బోర్లా పెట్టాను, తిప్పాను, మళ్లీ బోర్లా పెట్టాను. తర్వాత మొదటి కామెంట్ వచ్చింది. 'నాలుగు.' అంతే. దాని కింద ఇంకెవరో 'ఏడు' అన్నారు. తర్వాత 'మూడు, ఇంకో రెండు వస్తాయి' అని ఒకామె. ఒక్క తిట్టు లేదు. పోస్టును సేవ్ చేసి దాచుకున్నవాళ్లు పెరుగుతున్నారు, ఒకరికొకరు పంపుకుంటున్నారు. 'మా ఆయనకు పంపినాను' అని ఒకామె రాసింది చదివి గట్టిగా నవ్వాను.

గురువారం పొద్దున అక్క ఫోన్ చేశారు. "క్లాసు ఎప్పుడని అడగతాండారమ్మా. కుప్పం నుంచి గూడా అడగతాండారు. వచ్చే నెలకు ఏం రాస్తాండావు?"

వచ్చే నెల అనే మాట విన్నాక మిగతాదేదీ నాకు సరిగ్గా వినపడలేదు. ఫోన్ పెట్టేశాక బెంగళూరు కంపెనీకి, నేను రావడం లేదని రెండు ముక్కలు రాసి పంపాను. శుక్రవారం దాకా ఆగలేదు. వంటింట్లో అమ్మ చేతిలోని అట్లకాడ లాక్కుని, దోసెలు నేను పోస్తానన్నాను. ఆరునెలలుగా ఇంట్లో ఎందుకున్నానో ఎవరికీ సరిగ్గా చెప్పుకోలేక పోయినదాన్ని, మొదటి దోసె మాడిపోతున్నా పట్టించుకోకుండా, నేనింక ఈడనే ఉంటానమ్మా అని చెప్పి ఏడ్చేశాను.