మైనస్ కొట్టేయొద్దని రాసిన ఉత్తరం

సర్క్యూట్స్ పేపర్లు దిద్దే వారం నేను మనిషిని కాను. ఆ వారం మా ఇంట్లో ఎవరూ నన్ను పలకరించరు. ఎమ్మిగనూరు నుంచి ఆదోనిలోని మా కాలేజీకి బస్సులో పోతూ కూడా ఒళ్లో కట్ట పెట్టుకుని దిద్దుతాను. పక్క సీట్లో కూర్చున్నవాళ్లు నా ఎర్ర పెన్ను చూసి కొంచెం జరుగుతారు. పిల్లలకు లెక్క రాకపోతే నాకు కోపం రాదు. లెక్కంతా వచ్చి, ఒక్క గుర్తు దగ్గర బోర్లా పడితే మాత్రం ఒళ్లు మండుతుంది.

ఆ ఏడాది మిడ్ పేపర్లలో సగం క్లాసు అలాగే పడింది. తిట్టి తిట్టి గొంతు పోయింది కాబట్టి ఉత్తరం రాద్దామనుకున్నాను. పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పేవాళ్లు ఉత్తరాలు రాయడమేమిటని స్టాఫ్ రూములో నవ్వినారు. నవ్వితే నవ్వనీ అని రెండు రోజులు బస్సులోనే రాశాను.

"ప్రియమైన పిల్లలకు," అని మొదలుపెట్టి, నేరుగా తప్పుల్లోకి దిగాను. "బొమ్మలో కరెంటు తిరిగే చుట్టు, అదే లూపులో, మీరు నడుస్తున్నారనుకోండి. బ్యాటరీ మైనస్ వైపు నుంచి ప్లస్ వైపుకు దాటితే ఎక్కినట్టు, ప్లస్ గుర్తు వేయండి. ప్లస్ నుంచి మైనస్‌కు దాటితే దిగినట్టు, మైనస్ వేయండి. కరెంటు పోయే వైపే నడుస్తూ రెసిస్టర్ దాటితే అదీ దిగడమే. దీనికి తిరగేసిన పద్ధతి కొందరికి ట్యూషన్లో చెప్పినారు. అదీ తప్పు కాదు. ఒకే సమీకరణంలో సగం అది, సగం ఇది రాస్తేనే తప్పు.

"రెండు లూపులకూ ఉమ్మడిగా ఉన్న రెసిస్టర్ దగ్గర, రెండు కరెంట్లనూ ఒకే వైపు తిప్పుకున్నప్పుడు, వాటిని కూడకండి. మొదటి లూపులో మొదటిది మైనస్ రెండోది, రెండో లూపులో రెండోది మైనస్ మొదటిది. ఏసీ లెక్కల్లో కాయిల్‌కు ప్లస్ జె, కెపాసిటర్‌కు మైనస్ జె. ఇది నిద్రలో లేపి అడిగినా చెప్పాలి.

"అన్నిటికన్నా పెద్ద తప్పు ఇది. కరెంటు మైనస్‌లో వస్తే భయపడి మైనస్ కొట్టేస్తున్నారు. కరెంటు ఇటు పోతుందని బాణం వేసింది మీరే కదా, ఊహించి వేశారు. కరెంటు దానికి ఎదురుగా పోతోందని ఆ మైనస్ చెబుతోంది. కొట్టేయొద్దు. పక్కన 'ఊహించిన దిశకు వ్యతిరేకం' అని రాయండి.

"చివరికి ఒక్క నిమిషం మిగుల్చుకుని పవర్ సరిచూడండి. బ్యాటరీలు ఇచ్చినదీ, మిగతావి తీసుకున్నదీ సమానం కావాలి. కాకపోతే ఎవరు చెప్పినా నమ్మొద్దు."

ఆ ఆఖరి మాట రాసి నాకు నేనే మురిసిపోయాను. కింద బొమ్మ వేసి ఒక లెక్క చేసి చూపించాను. ఎడమ పక్క పది వోల్టుల బ్యాటరీ, దానితో రెండు ఓముల రెసిస్టర్. మధ్యలో నాలుగు ఓములు. కుడి పక్క నాలుగు ఓములు, పన్నెండు వోల్టుల బ్యాటరీ. రెండు లూపుల్లోనూ కరెంటు గడియారం ముల్లు తిరిగే వైపు. జవాబులు నాలుగు, మూడున్నర ఆంపియర్లు. అరవై కాపీలు తీయించి క్లాసులో పంచాను.

సప్లిమెంటరీ రాసేవాళ్లను కూడా ఆ క్లాసుకు రమ్మన్నాను. వాళ్లలో పెద్దకడుబూరు వైపు పల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉండేది. నా పేపరు రెండుసార్లు తప్పింది. ఆమె మిడ్ పేపర్లు నా దగ్గరే ఉండేవి. ప్రతిదానిలోనూ సరైన మైనస్ వచ్చింది, దాని మీద అడ్డంగా గీత పడింది. ఆ అమ్మాయికి లెక్క మీద కాదు, తన మీదే నమ్మకం లేదు. తల్లి పత్తి తీయడానికి కూలికి పోతుంది. ఈసారి తప్పితే చదువు మాన్పిస్తానని చెప్పేసిందట.

మరుసటి రోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి నా టేబుల్ దగ్గర నిలబడింది.

"మేడం, ఉత్తరంలో లెక్క నాకు వేరేగా వస్తాంది. ఒకటి, మైనస్ ఒకటి వస్తాండాయి."

నేను తలెత్తకుండానే, "యాడో గుర్తు తప్పినావు పాపా. కాగితంలో ఉన్నట్టు వచ్చేదాకా మళ్లీ చెయ్యిపో," అన్నాను. సరే మేడం అని వెళ్లిపోయింది. పదిహేడేళ్లుగా పాఠం చెబుతున్నదాన్ని, నా లెక్క తప్పవుతుందా అనుకున్నాను. అదీ నా పొగరు.

తర్వాతి రోజు పొద్దున నేను బస్సు దిగి కాలేజీకి వచ్చేసరికి గేటు దగ్గరే ఉంది. నోటు పుస్తకం గుండెకు హత్తుకుని ఉంది. నా ముఖం చూడకుండా మాట్లాడింది.

"నిన్న మీరు గుర్తు తప్పిందంటే, మైనస్ కొట్టేద్దామనుకున్నా మేడం. పవర్ సరిచూడకుండా ఎవరు చెప్పినా నమ్మొద్దని మీరే రాసినారు కదా. చూసినా. నా జవాబుకు బ్యాటరీలు ఇచ్చేది ఇరవై రెండు, తీసుకునేది ఇరవై రెండు. మీ జవాబుకు ఇచ్చేది నలభై, తీసుకునేది నూట ఇరవై నాలుగు."

అక్కడే గోడ మీద పుస్తకం పెట్టి చూశాను. కుడి పక్క బ్యాటరీకి బొమ్మలో ప్లస్ పైన ఉంది. నేను పై నుంచి కిందికి నడుస్తూ దిగాల్సిందిపోయి ఎక్కాను. మొదట బొమ్మ వేసినప్పుడు ప్లస్ కింద పెట్టాను. బస్సు కుదుపుకు గీతలు వంకర పోయాయని బొమ్మ తిరిగి వేసి, ప్లస్ పైన పెట్టి, సమీకరణం మాత్రం పాతదే ఉంచేశాను. జవాబులు రెండూ ప్లస్‌లో రావడంతో నాకూ అనుమానం రాలేదు. మైనస్ చూసి భయపడొద్దని రాసిన మనిషిని, ప్లస్ చూసి నిశ్చింతగా ఉండిపోయాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"నువ్వే కరెక్టు. తప్పు నాది," అన్నాను.

ఆ అమ్మాయి ఏడ్చేసింది. నాకూ కళ్లల్లో నీళ్లు తిరిగాయి, కానీ అవి సిగ్గువి కావు. ఇన్నేళ్లలో నా క్లాసులో ర్యాంకులు వచ్చినవాళ్లున్నారు. వాళ్లెవరినీ చూసి నాకు ఇంత గర్వం కలగలేదు. రెండుసార్లు తప్పిన పిల్ల, అచ్చులో ఉన్న మేడం లెక్కకు ఎదురుగా తన మైనస్‌ను నిలబెట్టుకుంది.

ఆ రోజు క్లాసులో చాక్‌పీస్ ఆమె చేతికిచ్చి నేను వెనక బెంచీలో కూర్చున్నాను. చిన్న గొంతుతో మొదలుపెట్టింది. రెండో సమీకరణానికి వచ్చేసరికి గొంతు నిలబడింది. "ఈడ మేడం ఎక్కినారు, దిగాల," అన్నప్పుడు క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. అరవై కాగితాల మీద నా తప్పును ఎర్ర పెన్నుతో పిల్లలే కొట్టేశారు.

సప్లిమెంటరీ పేపర్లో రెండు బ్యాటరీల లెక్క రానే వచ్చింది. పరీక్ష అయ్యాక ప్రశ్నపత్రం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. అంచున పెన్సిల్‌తో చిన్నగా జవాబు రాసుకుంది. మైనస్ రెండు. దాని మీద గీత లేదు.

ఫలితాల రోజు ఫోన్ చేసి, "పాసైనా మేడం," అని ఒక్క మాట చెప్పి, తల్లికి ఇచ్చింది. ఆ తల్లి, "మా పాప మీకే లెక్క దిద్దిందంట కదా మేడం, నిజమేనా?" అని అడిగింది. నిజమేనమ్మా అన్నాను. "ఇంగ సదువు మాన్పించను," అంది ఆమె.

ఆ ఉత్తరం ఇప్పటికీ ప్రతి ఏడూ పంచుతాను. నా తప్పు లెక్కను తీసేయలేదు. దాని కింద ఆ అమ్మాయి చేతిరాతలోనే సరైన లెక్క ఉంటుంది. ఈ రాత ఎవరిది మేడం అని కొత్త పిల్లలు అడుగుతారు. వాళ్లు అడగాలనే కాచుకుని ఉంటాను.